దేశాలు దాటే అంకెలు – 3వ పాఠం: తొమ్మిది గంటలకే, కానీ ఎక్కడి తొమ్మిది?

పోయిన పాఠంలో తేదీని అంకెలతో కాకుండా నెల పేరుతో రాయడం నేర్చుకున్నాం. ఈసారి దానికి సమయం జతచేద్దాం. న్యూయార్క్‌లో ఉన్న ఒకరు వేర్వేరు దేశాల వాళ్లకి ఆన్‌లైన్ క్లాసు గురించి ఇలా కబురు పెట్టారనుకోండి:

```
12/03/2026, Thursday, 9 PM EST
```

వారం పేరు కూడా ఉంది కాబట్టి పొరపాటుకు తావు లేదనిపిస్తుంది. మామూలుగా అది నిజమే. రోజు ముందా, నెల ముందా అన్న అనుమానం వస్తే, వారం పేరు చూసి తేల్చుకోవచ్చు. కానీ ఇక్కడ ఆ కిటుకు పనిచేయదు. 2026లో మార్చి 12 గురువారమే, డిసెంబర్ 3 కూడా గురువారమే! రెండింటి మధ్య సరిగ్గా 38 వారాలు. అంటే వారం పేరు తోడుగా రాయాలే తప్ప, నెల పేరుకు బదులుగా కాదు.

పంపినవాళ్ల మనసులో ఉన్నది మార్చి 12 అనుకుందాం. ఇక ఆ చివరి మూడక్షరాల సంగతి. ఈఎస్‌టీ అంటే అమెరికా తూర్పు ప్రాంతపు చలికాలపు సమయం, ప్రపంచమంతా గడియారాలకు ఆధారంగా పెట్టుకునే యూటీసీ సమయం కంటే 5 గంటలు వెనక. అమెరికాలో గడియారాలు మార్చి రెండో ఆదివారం ఒక గంట ముందుకు జరుగుతాయి. 2026లో అది మార్చి 8. కాబట్టి 12వ తేదీకి న్యూయార్క్ నడిచేది ఈడీటీ అనే వేసవి సమయంలో, తేడా 4 గంటలే. పంపినవాళ్లు అలవాటుకొద్దీ ఏడాది పొడుగునా ఈఎస్‌టీ అనే రాస్తారు. చదివేవాళ్లు దాన్ని అక్షరాలా నమ్మి 5 గంటలు కలిపితే, క్లాసు సగం అయ్యాక వస్తారు. తమాషా ఏమిటంటే డిసెంబర్‌లో ఈఎస్‌టీ సరైనదే. కాబట్టి డిసెంబర్ 3 అని చదువుకున్నవాళ్లకి ఈ కబురులో ఒక్క తప్పూ కనిపించదు.

ఈ పొట్టి పేర్లతో ఇంకో చిక్కు కూడా ఉంది. సీఎస్‌టీ అని రాస్తే అమెరికా మధ్య ప్రాంతమా, చైనానా? ఐఎస్‌టీ అంటే భారతదేశమా, ఇజ్రాయెలా, ఐర్లండా? నా మట్టుకు నేను ఇతర దేశాలకు వెళ్లే కబురులో వీటిని అసలు రాయను. ఊరి పేరు, యూటీసీ తేడా రాస్తాను.

ఇప్పుడు లెక్క కడదాం. తేడా UTC-4 అంటే స్థానిక సమయం యూటీసీ కంటే 4 గంటలు వెనక ఉందన్నమాట. యూటీసీ కావాలంటే 4 కలపాలి. రాత్రి 9 అంటే 21. దానికి 4 కలిపితే 25. ఇరవై నాలుగు దాటింది కాబట్టి 24 తీసేస్తే 1, తేదీ ఒక రోజు ముందుకు. తేదీ మార్చడం మర్చిపోవడమే ఇక్కడ అందరూ చేసే తప్పు. సరిచేసిన కబురు ఇదీ:

```
12 March 2026, Thursday, 21:00 New York (UTC-4)
= 13 March 2026, Friday, 01:00 UTC
```

టోక్యో UTC+9 కాబట్టి అక్కడివాళ్లు 01:00కి 9 కలుపుకుంటారు: శుక్రవారం ఉదయం 10:00. పాత కబురులోని ఈఎస్‌టీని నమ్మి ఉంటే 11:00కి వచ్చేవాళ్లు. 24 గంటల పద్ధతి వాడటం వల్ల ఏఎం, పీఎం గొడవ కూడా పోయింది. ముఖ్యంగా 12 ఏఎం అర్ధరాత్రా మధ్యాహ్నమా అని తడబడేవాళ్లు చాలామందే ఉంటారు.

అదే క్లాసు ప్రతి గురువారం ఉంటే మాత్రం ఒక్క యూటీసీ సమయం రాసి వదిలేయకండి. లండన్‌లో గడియారాలు మార్చి చివరి ఆదివారం, అంటే 2026లో 29న, మారతాయి. మార్చి 13న లండన్‌వాళ్లకి తెల్లవారుజామున 1:00కి ఉన్న క్లాసు, ఏప్రిల్ 3న 2:00కి పడుతుంది. నవంబర్ 1న న్యూయార్క్ మళ్లీ UTC-5కి వెళ్తుంది, అప్పుడు యూటీసీ సమయమే 02:00 అవుతుంది. అందుకని వారం వారం జరిగేవాటికి "ప్రతి గురువారం, న్యూయార్క్ సమయం 21:00" అని ఊరినే ఆధారంగా పెట్టి, గడియారం మారే వారానికి ముందు కొత్త యూటీసీ సమయంతో ఇంకో కబురు పంపండి.

అభ్యాసం: "దరఖాస్తులు ఏప్రిల్ 10 అర్ధరాత్రి లోపు" అన్నదాన్ని తిరగరాయండి. ఆ అర్ధరాత్రి పదో తేదీ మొదలయ్యేదా, ముగిసేదా అన్నది ముందు తేల్చుకోండి. గడువు న్యూయార్క్ సమయం ప్రకారం అనుకోండి. మీ జవాబులో 00:00 కనిపిస్తే దాన్ని 23:59 చేసి, తేదీ సరిపోయిందో లేదో ఇంకోసారి చూసుకోండి. వచ్చే పాఠంలో ఈ జవాబుతో మొదలుపెట్టి, 1.500 అన్న అంకె ఒకచోట ఒకటిన్నర, మరోచోట పదిహేను వందలు ఎలా అవుతుందో చూద్దాం.