3 < 8 ని చదవడం, తిప్పి రాయడం

మొసలి నోరు పెద్ద సంఖ్య వైపు తెరుచుకుంటుందని నేర్చుకున్న పిల్లలు గుర్తు సరిగ్గానే పెడతారు, చదవమంటేనే తడబడతారు. 3 < 8 ని కనబడిన వరసలో "మూడు చిన్నది ఎనిమిది" అనేస్తారు. అలా అంటే ఏది చిన్నదో తేలదు. తెలుగులో "కంటే చిన్నది" అనే మాట చివర వస్తుంది కదా! అందుకే ఎడమవైపు సంఖ్యతో మొదలుపెట్టి, గుర్తు దాటి రెండో సంఖ్య చెప్పి, అప్పుడు గుర్తును పలికించండి: "మూడు, ఎనిమిది కంటే చిన్నది."

ఇదే విషయాన్ని ఎనిమిదితో మొదలుపెడితే "ఎనిమిది, మూడు కంటే పెద్దది", అంటే 8 > 3. ఇక్కడ సంఖ్యలు చోటు మారాలి, గుర్తూ తిరగాలి. ఒక్కటే మారిస్తే 8 < 3 అనో, 3 > 8 అనో వస్తుంది, రెండూ తప్పే.

పల్చటి కాగితం మీద స్కెచ్‌పెన్‌తో 3 < 8 అని పెద్దగా రాసి, వెనక్కి తిప్పి కిటికీ వెలుగులో చూపించండి. 3 అద్దంలోలా తిరగబడినా, ఎనిమిది ముందుకొచ్చి గుర్తు > గా మారడం తెలుస్తుంది. దీనికి ఒక అంకె సంఖ్యలే వాడండి, 12 అయితే 21లా కనబడి కొత్త గందరగోళం మొదలవుతుంది.