పండగ అమ్మకాల ఇన్సెంటివ్ నోటీసు అంటించే ముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

బట్టల షాపుల్లో దసరా–దీపావళి ఇన్సెంటివ్ మీద వచ్చే గొడవలు చాలావరకు పండగయ్యాక పుట్టినవి కావు. సీజన్ ముందు అంటించిన నోటీసులో రాయకుండా వదిలేసిన మాటల నుంచే వస్తాయి. అందుకే 2026 సీజన్‌కు నోటీసు రాస్తున్నవాళ్లు ముందుగా క్యాలెండర్ చూడండి.

2025లో దసరా అక్టోబర్ 2న, దీపావళి అక్టోబర్ 20న వచ్చాయి. 2026లో అధిక జ్యేష్ఠం రావడంతో పండగలు వెనక్కి జరిగాయి. దసరా అక్టోబర్ 20, దీపావళి నవంబర్ 8. "పోయిన అక్టోబర్ కంటే పది శాతం ఎక్కువ" అని టార్గెట్ పెడితే పోయినేటి దీపావళి బేరాన్ని ఈ ఏటి దసరా బేరంతో పోల్చినట్టవుతుంది. నెలను వదిలేసి పండగను పట్టుకోండి. నవరాత్రులకు పదిహేను రోజుల ముందు నుంచి దీపావళి దాకా లెక్కేస్తే ఈ ఏడు సెప్టెంబర్ 26 నుంచి నవంబర్ 8, పోయినేడు సెప్టెంబర్ 7 నుంచి అక్టోబర్ 20. రెండూ 44 రోజులే, పోలిక సరిపోతుంది. జీఎస్టీ తీసేసిన బిల్లు విలువనే రెండేళ్లకూ లెక్కలోకి తీసుకోండి.

రెండో జాగ్రత్త టార్గెట్ ఆకారం గురించి. "ఆరు లక్షలు చేరితే మొత్తం మీద ఒక శాతం" అని రాస్తే ఆరు లక్షలు అమ్మినవాళ్లకు 6,000, అయిదు లక్షల తొంభై అయిదు వేలు అమ్మినవాళ్లకు సున్నా. ఆ అయిదు వేల కోసం ఆఖరి రెండు రోజుల్లో ఒకరి బిల్లు ఇంకొకరి కోడ్ మీద పడుతుంది, తెలిసినవాళ్ల పేరుతో బిల్లులు కొట్టి తర్వాత రిటర్న్ చేయిస్తారు. చివరి రోజుల బిల్లులే ఎక్కువగా వెనక్కి వస్తుంటే మనుషుల కంటే ముందు ఆ ఆరు లక్షల గీతను అనుమానించాలి. దాని బదులు "నాలుగు లక్షల పైన అమ్మిన ప్రతి రూపాయి మీద రెండు శాతం" అనండి. అప్పుడు ఆరు లక్షలకు 4,000, అయిదు లక్షల తొంభై అయిదు వేలకు 3,900. ఎవరికీ బిల్లు మార్చాల్సిన అవసరం రాదు. పట్టుచీరల సెక్షన్‌కూ కాటన్ సెక్షన్‌కూ ఒకే గీత మాత్రం పెట్టకండి. మధ్యలో సెక్షన్ మార్చినవాళ్లకు రెండు చోట్లా పనిచేసిన రోజుల వంతున గీత తేల్చాలి.

డబ్బు ఎప్పుడిస్తారన్నది సిబ్బందికి అన్నిటికంటే ముఖ్యం. దీపావళికి ముందు ఎంతో కొంత చేతికి రావాలి, అది న్యాయమైన కోరిక. పదిహేను రోజుల ఎక్స్చేంజ్ గడువున్న షాపులో దసరా దాకా జరిగిన అమ్మకాలు నవంబర్ 4కి తేలిపోతాయి. అప్పటికి ఒకమ్మాయి నికర అమ్మకం 4,80,000 అనుకుందాం. గీత పైన 80,000, దాని మీద రెండు శాతం 1,600. అందులో సగం 800 నవంబర్ 6న ఇవ్వండి. సీజన్ మొత్తానికి ఆమె అమ్మకం 6,20,000, రిటర్న్‌లు 25,000 అయితే నికరం 5,95,000. రావాల్సింది 3,900, ఇచ్చిన 800 పోగా 3,100. దీపావళి ఎక్స్చేంజ్ గడువు నవంబర్ 23తో ముగుస్తుంది. 25న షీటు చూపించి, 30 దాకా అభ్యంతరాలు తీసుకుని, డిసెంబర్ 7న ఆ మొత్తం ఇవ్వండి. మొదటే అంతా ఇచ్చేసి తర్వాత జీతంలో కోయడం కంటే ఇది ఎంతో మేలు. ఈ లెక్కనే నోటీసులో ఉదాహరణగా వేయండి. చట్టప్రకారం ఇచ్చే వార్షిక బోనస్ వేరు, ఇది వేరు అని ఒక వాక్యం కూడా చేర్చండి.

అర్హత దగ్గర ఎక్కువగా మరిచిపోయేది బిల్లు మీద పేరు పడనివాళ్లను. స్టాకు దించే హెల్పర్లు, క్యాషియర్లు, ఫాల్స్ కుట్టేవాళ్లు లేకుండా ఆ రద్దీ గడవదు. షాపు మొత్తం నికర అమ్మకం మీద వాళ్లకు విడిగా ఒక వాటా చెప్పండి. మధ్యలో చేరినవాళ్లకు రోజుల లెక్కన గీత తగ్గించండి. మానేసినవాళ్లకూ అదే లెక్క, ఉన్నన్నాళ్లు అమ్మినదాని మీద రావాల్సింది అదే తేదీన ఇవ్వాలి. "పే డే నాటికి రోల్‌లో ఉండాలి" అనే షరతు నాకు నచ్చదు. పని అప్పటికే జరిగిపోయింది కదా.

ఇక తగాదాలు. ఒకరు గంటసేపు చీరలు పరిచి చూపించి భోజనానికి వెళ్తారు, ఇంకొకరు బిల్లు చేయిస్తారు. ఎవరి అమ్మకం? చెరి సగం అని ముందే రాసి, రెండు కోడ్‌లూ కౌంటర్ స్లిప్ మీద అప్పుడే వేయించండి. సాయంత్రానికి ఎవరికీ సరిగా గుర్తుండదు. అభ్యంతరం బిల్లు నంబరుతో కాగితం మీద రాసి అకౌంట్స్‌లో ఇవ్వాలి, ఫ్లోర్ మేనేజర్‌కు కాదు. చాలాసార్లు ఫిర్యాదు, బిల్లు మీద కోడ్ ఆయనే మార్పించారన్న దాని మీదే ఉంటుంది. అకౌంటెంట్, యజమాని తరఫున ఒకరు, వేరే సెక్షన్ నుంచి సిబ్బంది ఎంచుకున్న ఒకరు కలిసి చూసి అయిదు రోజుల్లో కారణంతో జవాబు రాసివ్వాలి. తగాదా ఒక్క బిల్లు మీదైతే ఆ బిల్లు వాటానే ఆపండి, మిగతాది డిసెంబర్ 7నే పడాలి. "యాజమాన్యం ఎప్పుడైనా మార్చవచ్చు" అనే లైను ఉంటే కొట్టేయండి. మార్చక తప్పకపోతే నోటీసు పెట్టిన మర్నాటి అమ్మకాల నుంచే కొత్త లెక్క వర్తిస్తుందని రాయండి.