74LS చిప్‌ను 74HC చిప్‌కు కలపడం ఎలా?

74LS టీటీఎల్ రకం, 74HC సీమాస్ రకం. రెండూ 5 వోల్టులతోనే నడుస్తాయి కదా అని టీటీఎల్ అవుట్‌పుట్‌ను సీమాస్ ఇన్‌పుట్‌కు నేరుగా కలిపేస్తుంటారు. చాలాసార్లు పనిచేస్తుంది కూడా. చిక్కంతా అక్కడే ఉంది.

ముందుగా డేటాషీట్లు పక్కపక్కన పెట్టుకుని నాయిస్ మార్జిన్, అంటే ఒక చిప్ ఇచ్చే వోల్టేజీకీ తర్వాతి చిప్ అడిగే వోల్టేజీకీ మధ్య మిగిలే తేడా, లెక్కకట్టండి. 74LS చిప్ హై ఇచ్చేటప్పుడు కనీసం 2.7 వోల్టులకు మాత్రమే హామీ ఇస్తుంది. మరో 74LS ఇన్‌పుట్‌కు 2.0 చాలు కాబట్టి 0.7 వోల్టు మిగులుతుంది. 74HC మాత్రం దాదాపు 3.5 వోల్టులు అడుగుతుంది.

```
2.7 - 3.5 = -0.8 V
```

మార్జిన్ మైనస్‌లోకి పోయింది. మామూలుగా 74LS అవుట్‌పుట్ 3.4 దాకా వస్తుంది, 74HC కూడా 2.5 దగ్గరే మారుతుంది. అందుకే బల్ల మీద బాగానే నడిచిన సర్క్యూట్, చిప్ మార్చగానే లేదా పక్కన మోటార్ తిరగగానే తప్పులు చేస్తుంది.

కొత్తగా కొనేట్టయితే 74HC బదులు 74HCT తీసుకోండి. దాని ఇన్‌పుట్ 2.0 వోల్టులనే హైగా ఒప్పుకుంటుంది. నా ఓటు దానికే. ఉన్న చిప్‌తోనే సరిపెట్టుకోవాలంటే ఆ తీగ నుంచి 5 వోల్టులకు 2.2 కిలో ఓమ్‌ల పుల్-అప్ రెసిస్టర్ పెట్టండి.

ఓపెన్-కలెక్టర్ చిప్‌కు పుల్-అప్ తప్పనిసరి, ఎందుకంటే అది తీగను కిందికి లాగగలదే తప్ప పైకి నెట్టలేదు. నాలుగు 74LS05 అవుట్‌పుట్‌లను ఒకే తీగకు కలిపి 74HC ఇన్‌పుట్‌కు ఇస్తున్నామనుకుందాం. లో ఇచ్చేటప్పుడు మొత్తం కరెంట్‌ను ఒక్క అవుట్‌పుటే మోయాల్సి రావచ్చు, అది 8 మిల్లీఆంపియర్ల లోపు ఉండాలి. హైలో ఒక్కో అవుట్‌పుట్ నుంచి 0.1 మిల్లీఆంపియర్ దాకా లీకవ్వచ్చు.

```
Rmin = (5 - 0.5) / 8 mA = 563 ohm
Rmax = (5 - 3.5) / 0.4 mA = 3.75 kohm
```

పై హద్దు దగ్గర మార్జిన్ సున్నా. 1 కిలో ఓమ్ వేస్తే హై 4.6 వోల్టుల దగ్గర నిలుస్తుంది, 1.1 వోల్టు మార్జిన్ దొరుకుతుంది. విలువ పెంచేకొద్దీ సిగ్నల్ పైకెక్కడం కూడా నెమ్మదిస్తుంది. మామూలు అవుట్‌పుట్‌లను మాత్రం ఇలా ఒకదానికొకటి ఎప్పుడూ కలపకండి.

ఫ్యాన్-అవుట్, అంటే ఒక అవుట్‌పుట్ ఎన్ని ఇన్‌పుట్‌లను నడపగలదన్న లెక్క, సులువే. 74LS అవుట్‌పుట్ లో ఇచ్చేటప్పుడు 8 మిల్లీఆంపియర్లు తీసుకోగలదు, ఒక్కో 74LS ఇన్‌పుట్ 0.4 పంపుతుంది, కాబట్టి 20 ఇన్‌పుట్‌లు. పుల్-అప్ ఉంటే దాని వాటా ముందే తీసెయ్యండి. సీమాస్ ఇన్‌పుట్‌లు కరెంట్ దాదాపు తీసుకోవు, కానీ ఒక్కోటీ కొన్ని పికోఫారడ్‌ల కెపాసిటెన్స్ చేరుస్తుంది. అక్కడ హద్దు వేగానిదే.

ఇక ట్రై-స్టేట్ బస్సు, అంటే తీగను పూర్తిగా వదిలెయ్యగల బఫర్లు కలిసి పంచుకునే తీగలు. ఒక బఫర్ ఎనేబుల్ పూర్తిగా ఆగాకే రెండోది మొదలయ్యేలా చూడండి. రెండూ ఒకేసారి నడిస్తే స్కోప్‌లో తీగ 1-2 వోల్టుల మధ్య ఇరుక్కుని కనిపిస్తుంది, చిప్‌లు వేడెక్కుతాయి. అన్నీ ఆగినప్పుడు 74LS ఇన్‌పుట్ సాధారణంగా హైగానే చదువుకుంటుంది. సీమాస్ ఇన్‌పుట్ మాత్రం గాల్లో తేలుతూ, చెయ్యి దగ్గరికి తెచ్చినా మారిపోతుంది. సీమాస్ బస్సులో ప్రతి తీగకూ 10 కిలో ఓమ్‌ల పుల్-అప్ వేస్తే ఈ గొడవ ఉండదు.