డిస్‌ప్లే యాడ్స్‌లో క్లిక్ రూపాయిన్నరకే వస్తోంది, ఆర్డరు మాత్రం ఒక్కటీ లేదు: సమస్య - పరిష్కారం

గూగుల్ యాడ్స్‌లో డిస్‌ప్లే క్యాంపెయిన్ నడుపుతున్న చిన్న వ్యాపారుల దగ్గర నుంచి నాకు ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే. క్లిక్‌లు వేలల్లో ఉంటాయి, ధర చూస్తే ముచ్చటేస్తుంది, అమ్మకం సున్నా. వెంటనే బ్యానర్ మారుస్తారు, రంగు మారుస్తారు, డిస్కౌంట్ పెంచుతారు. యాడ్ అసలు ఎక్కడ కనబడుతోందో మాత్రం చూడరు. ముందు అది చూడండి.

క్యాంపెయిన్ లోపల `Where ads showed` అనే రిపోర్టు ఉంటుంది. గత 14 రోజులకు పెట్టి, ఖర్చు ఎక్కువ నుంచి తక్కువకు వరస పెట్టండి. పక్కన `Type` అనే కాలమ్‌లో అది వెబ్‌సైటా, మొబైల్ యాపా, యూట్యూబ్ ఛానలా అన్నది ఉంటుంది. మొదటి ఇరవై వరసలు చదివితే చాలు. వాటిలో బబుల్ షూటర్, టార్చ్‌లైట్, కార్ రేసింగ్, పిల్లల రైమ్స్ ఛానళ్లు కనబడితే జబ్బు దొరికినట్టే.

అసలు మోసం: వ్యూయబిలిటీ బాగుండటం

నన్ను దెబ్బతీసిన కారణం ఇది, అందుకే వివరంగా చెబుతాను.

యాడ్‌లో కనీసం సగం భాగం స్క్రీన్ మీద ఆగకుండా ఒక సెకను ఉంటే గూగుల్ దాన్ని "కనబడింది" అని లెక్కేస్తుంది. చాలా పెద్ద బ్యానర్లకు 30 శాతం ఉంటే సరిపోతుంది. వందసార్లలో ఎన్నిసార్లు అలా కనబడిందో ఆ శాతమే వ్యూయబిలిటీ. యాడ్ స్క్రీన్ మీద ఉందా లేదా అన్నదే ఈ కొలత. మనిషి చూశాడా, చదివాడా అన్నది ఇందులో లేదు. ఇప్పుడు ఒక గేమ్ యాప్ తీసుకోండి. బ్యానర్ స్క్రీన్ అడుగున అతికించి ఉంటుంది. ఆడుతున్నంతసేపూ అది అక్కడే ఉంటుంది, అర నిమిషానికో నిమిషానికో కొత్త యాడ్ మారుతుంది. కాబట్టి వ్యూయబిలిటీ 90 దాటుతుంది. ఆడే వేలు కూడా ఆ బ్యానర్ పక్కనే తిరుగుతుంది గనుక పొరపాటున తగలడమూ ఎక్కువే. మంచి వార్తా సైట్‌లో అయితే యాడ్ పేజీలో ఎక్కడో కింద ఉంటుంది, చాలామంది అక్కడిదాకా రారు. దాని అంకె సగం దగ్గర ఆగుతుంది.

చేనేత చీరలు అమ్మే ఒక దుకాణానికి నేను చేసిన తప్పు చెబుతాను. క్యాంపెయిన్ ఫలితం ఇవ్వడం లేదంటే, వ్యూయబిలిటీ 60 శాతం కంటే తక్కువున్న చోట్లన్నీ తీసేశాను. క్లిక్ ధర ఇంకా తగ్గింది. మంచిదే జరిగిందనుకున్నాను. రెండు వారాలకు 18,000 రూపాయలు, 12,000 క్లిక్‌లు, ఆర్డర్లు సున్నా. అప్పుడు రకాల వారీగా విడదీస్తే బయటపడింది. యాప్‌లు 10,400 క్లిక్‌లు, 15,100 రూపాయలు. వెబ్‌సైట్లు 1,100 క్లిక్‌లు, 2,300 రూపాయలు. మిగిలిన 500 క్లిక్‌లు, 600 రూపాయలు యూట్యూబ్‌వి. నేను ఏరి పారేసినవి మనుషులు కూర్చుని చదివే సైట్లు. ఆ డబ్బంతా గేముల్లోకి పోయింది.

ఇది ఇలాంటి కేసేనని తేల్చడానికి రెండు గుర్తులు చాలు. ఒకటి, క్లిక్ శాతం. ఆ దుకాణానికి వెబ్‌సైట్లలో వెయ్యిసార్లు కనబడితే మూడు క్లిక్‌లు, యాప్‌లలో ఇరవై తొమ్మిది. చీర యాడ్‌ను గేమ్ ఆడేవాళ్లు పది రెట్లు ఇష్టపడరు. రెండు, క్లిక్‌లకూ అనలిటిక్స్‌లో సెషన్లకూ తేడా. 12,000 క్లిక్‌లకు సెషన్లు 4,300 మాత్రమే. మిగతావాళ్లు పేజీ తెరుచుకోకముందే వెనక్కి పోయారు. కొంత తేడా ఎప్పుడూ ఉంటుంది, సగానికి పైగా పోవడం మాత్రం మామూలు కాదు. మీ సైట్ నెమ్మదిగా తెరుచుకున్నా ఇలాగే జరుగుతుంది కాబట్టి, మొబైల్ డేటా మీద ఒకసారి మీరే తెరిచి చూసుకోండి.

ఏం చేయాలి

యాప్‌లను ఒక్కొక్కటిగా తీసేస్తూ కూర్చోకండి. నేను ఒక రోజంతా నాలుగు వందల యాప్‌లు తీసేశాను, మరుసటి వారానికి కొత్తవి వచ్చి కూర్చున్నాయి. క్యాంపెయిన్ ఎక్స్‌క్లూజన్లలో ప్లేస్‌మెంట్లను అతికించే పెట్టెలో ఇది పెట్టండి:

```
mobileappcategory::69500
```

అన్ని యాప్‌లూ అనే వర్గానికి ఇది కోడు. పెట్టె తీసుకోకపోతే యాప్ వర్గాల జాబితా తెరిచి అన్నిటికీ టిక్ పెట్టండి. ఓపిక కావాలి గానీ పని అవుతుంది. పాత గైడ్లలో కనబడే `adsenseformobileapps.com` 2018 నుంచి పనిచేయడం లేదు, దాన్ని నమ్ముకోకండి. టెన్షన్‌లో మొబైల్ ఫోన్లనే మొత్తంగా ఆపేసేవాళ్లూ ఉన్నారు. అది చేయకండి, ఫోన్ బ్రౌజర్‌లో చదువుతూ కొనేవాళ్లు కూడా పోతారు. వార్తల యాప్‌లు కూడా ఈ కోడుతో పోతాయి, ఆ నష్టం ఒప్పుకోదగ్గదే. రిపోర్టులో కనబడే పిల్లల ఛానళ్లను చేతితో తీసేయొచ్చు.

మూడు రోజులాగి అదే రిపోర్టు మళ్లీ తెరవండి. యాప్ వరసల్లో కొత్త ఖర్చు కనబడకూడదు. క్లిక్‌లు పడిపోతాయి, ధర పెరుగుతుంది. చాలామంది ఇక్కడే భయపడి వెనక్కి మార్చేస్తారు. ఆ దుకాణానికి తర్వాతి 14 రోజుల్లో అదే 18,000 రూపాయలకు 3,000 క్లిక్‌లు వచ్చాయి, ఒక్కోటి ఆరు రూపాయలు. ఆర్డర్లు ఏడు. ఒక్కో ఆర్డరుకు సుమారు 2,570 రూపాయలు పడింది, చీర సగటు ధర 2,400. అంటే ఇంకా నష్టమే. కానీ ఇప్పుడు ఏ సైట్ అమ్ముతోందో, ఏది అమ్మడం లేదో చూడటానికి నిజమైన లెక్క దొరికింది.

ఆ సైట్లను ఏరేటప్పుడు తొందర పడకండి. మీ దుకాణానికి మామూలుగా వంద మంది వస్తే ఒకరు కొంటారనుకుందాం. ఒక సైట్ నుంచి 30 క్లిక్‌లు వచ్చి ఆర్డరు రాకపోతే దానివల్ల తెలిసేదేమీ లేదు. 300 వచ్చి ఒక్కటీ రాకపోతే అనుమానించొచ్చు, మామూలు సైట్‌కు అలా జరగడం ఇరవై సార్లలో ఒకసారే. వ్యూయబిలిటీ 20, 30 శాతం దగ్గరున్న సైట్‌ను తీసేయడంలో తప్పు లేదు. కాకపోతే యాప్‌లు ఆపిన తర్వాతే ఆ అంకె చూడండి, ముందు చూస్తే నాలాగే దారి తప్పుతారు.

ఇంకొక్క విషయం. వాట్సాప్ బటన్ నొక్కడాన్నే ప్రధాన కన్వర్షన్‌గా పెట్టి, కన్వర్షన్లు పెంచమని ఆటో బిడ్డింగ్‌కు చెప్పి ఉంటే, అది పొరపాటు నొక్కుళ్లనే వెతికి తెస్తుంది. ప్రధానంగా ఆర్డరును పెట్టండి, బటన్‌ను పక్కన ఉంచండి.

ప్రత్యర్థి కావాలని క్లిక్ చేస్తున్నాడని, బాట్ల దాడి అని చాలామంది అడుగుతారు. ఉంటుంది గానీ అరుదు, ఇన్‌వాలిడ్ క్లిక్స్ కాలమ్ చూసి వదిలేయండి. ఆర్డరు ట్యాగ్ పనిచేయకపోవడం కూడా ఒక కారణమే, మీరే ఒక ఆర్డరు పెట్టి చూస్తే పది నిమిషాల్లో తేలిపోతుంది.

ఎక్స్‌క్లూజన్ ఒక క్యాంపెయిన్‌లో పెడితే అది ఆ క్యాంపెయిన్‌కే వర్తిస్తుంది. పండక్కి కొత్త క్యాంపెయిన్ మొదలుపెట్టినప్పుడు యాప్‌లు మళ్లీ మొదటి రోజు నుంచే వస్తాయి. సైట్లూ ఛానళ్లూ ఉన్న లిస్టు తయారుచేసి ఉన్నా, దాన్ని కొత్త క్యాంపెయిన్‌కు తగిలించారా అని విడిగా చూడాలి.