రాన్సమ్‌వేర్ దాడి జరిగితే బీమా కంపెనీకి గడువులోగా నోటీసు ఎలా ఇవ్వాలి?

భీమవరం పరిసరాల్లోని ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటును ఊహించుకుందాం. ఆదివారం ఉదయం 6:10కి తూకం చీటీలు ప్రింట్ కావడం లేదని షిఫ్ట్ సూపర్‌వైజర్ వెళ్లి చూసేసరికి సర్వర్‌లోని ఫైళ్ల పేర్లన్నీ మారిపోయి ఉన్నాయి, తెర మీద డబ్బు అడుగుతున్న సందేశం ఉంది. దాడి తెలిసిన 48 గంటల్లో నోటీసు ఇవ్వాలని వారి సైబర్ పాలసీలో రాసి ఉందనుకుందాం. ఈ గడువు పాలసీని బట్టి మారుతుంది. కొన్నింటిలో గంటల లెక్కే ఉండదు, ‘సాధ్యమైనంత త్వరగా’ అని మాత్రమే ఉంటుంది. డైరెక్టరు, ఐటీ అధికారి వంటి కొందరికి తెలిసినప్పుడే తెలిసినట్టు లెక్క అని చెప్పే పాలసీలూ ఉన్నాయి. అయినా సూపర్‌వైజర్ చూసిన సమయం నుంచే లెక్కపెట్టుకోవడం క్షేమం. ఆ లెక్కన గడువు మంగళవారం ఉదయం 6:10తో ముగుస్తుంది.

మొదట వ్యాప్తిని ఆపండి. బ్యాకప్ డిస్కు తగిలించి ఉంటే ముందుగా దాన్ని ఊడదీయండి. ఆ తరువాత సర్వర్, బిల్లింగ్ కంప్యూటర్ల నెట్‌వర్క్ కేబుళ్లు పీకి, వైఫై, బయటి నుంచి లాగిన్ అయ్యే రిమోట్ డెస్క్‌టాప్ దారి మూసేయండి. కంప్యూటర్లను మాత్రం ఆఫ్ చేయకండి, ఎందుకంటే కరెంటు పోతే చెరిగిపోయే ఆధారాలు మెమరీలో ఉంటాయి. నెట్‌వర్క్ విడదీయడం కుదరక, ఫైళ్లు కళ్లముందే ఇంకా లాక్ అవుతుంటే అప్పుడు ఆఫ్ చేయక తప్పదు. కోల్డ్ స్టోరేజీ ఉష్ణోగ్రతను నియంత్రించే కంప్యూటర్‌కు నెట్‌వర్క్ తెంచి, యంత్రాలను చేతితో నడపండి.

క్లెయిములు దెబ్బతినేది ఎక్కువగా ఆ తరువాతి కొన్ని గంటల్లోనే. యజమాని కంగారుగా ఫోన్ చేస్తాడు, కంప్యూటర్ల కుర్రాడు పెన్‌డ్రైవ్‌తో వచ్చి మధ్యాహ్నానికల్లా సర్వర్‌ను ఫార్మాట్ చేసి ‘అంతా సరిచేశాను సార్’ అంటాడు. దొంగలు ఏ దారిన వచ్చారో, ఏ సమాచారం ఎత్తుకెళ్లారో తేల్చే లాగ్‌లు దానితోపాటే పోతాయి. పైగా ముందస్తు అనుమతి లేకుండా పెట్టిన ఖర్చును, తమ జాబితాలో లేని నిపుణుల బిల్లును చాలా పాలసీలు చెల్లించవు. డబ్బు అడిగినవారితో బేరమాడటం, వారికి చెల్లించడం కూడా బీమా కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా చేయకూడదు.

ఆ వెంటనే కాలక్రమం రాయండి. కాగితం మీద, పెన్నుతో, ఒక్కరే రాయాలి:

6:10 సూపర్‌వైజర్ గమనించారు. 6:25 బ్యాకప్ డిస్కు తీశారు. 6:40 నెట్‌వర్క్ కేబుళ్లు పీకారు. 6:50 ప్యాకింగ్ లైను ఆగింది.

సర్వర్ గడియారం, సీసీ కెమెరా రికార్డర్ గడియారం ఫోన్ సమయం కంటే ఎంత ముందున్నాయో, ఎంత వెనుకున్నాయో కూడా పక్కనే రాయండి. తరువాత లాగ్‌లను పోల్చేటప్పుడు ఆ తేడాయే పెద్ద తగవు అవుతుంది. లైను ఆగిన సమయం విడిగా ఉండాలి. వ్యాపారం నిలిచిన నష్టాన్ని చాలా పాలసీలు 8 లేదా 12 గంటల వంటి నిరీక్షణ కాలం దాటాకే లెక్కలోకి తీసుకుంటాయి.

ఇప్పుడు నోటీసు. పాలసీలో నోటీసు కోసం ఇచ్చిన 24 గంటల ఫోన్ నంబరుకు చెప్పి, అక్కడే ఉన్న చిరునామాకు ఈమెయిల్ పంపండి. ఆఫీసు మెయిల్‌ను దొంగలు చదువుతూ ఉండవచ్చు కాబట్టి, దాడి తగలని ఫోన్ నుంచి, వేరే ఖాతాతో పంపడం మంచిది. బ్రోకర్‌కు చెప్పినంత మాత్రాన బీమా కంపెనీకి చెప్పినట్టు కాదు. ఆయనకు నకలు పంపితే చాలు.

విషయం పూర్తిగా తేలేదాకా ఆగడమే ఇక్కడ అసలు ప్రమాదం. మొదటి నోటీసులో పాలసీ నంబరు, ఎప్పుడు తెలిసింది, ఏం కనిపించింది, ఏం ఆగింది, ఏం చేశారు, ఎవరిని సంప్రదించాలి అనేవి ఉంటే సరిపోతుంది. ‘కారణం, సమాచార చౌర్యం, నష్టం మొత్తం ఇంకా దర్యాప్తులో ఉన్నాయి, వివరాలు తెలిసినకొద్దీ పంపుతాము, నిపుణుల నియామకానికి మీ అనుమతి కోరుతున్నాము’ అని ఒక వాక్యం చేర్చండి. ‘మా నిర్లక్ష్యం వల్ల జరిగింది’ వంటి ఊహలు రాయకండి. డబ్బు అడిగిన సందేశాన్ని ఫోటో తీసి జత చేయండి.

ప్రభుత్వానికి చెప్పాల్సిన గడువు ఇంకా చిన్నది. 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల ప్రకారం, గమనించిన 6 గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు incident@cert-in.org.in ద్వారా తెలపాలి. ఈ ప్లాంటుకు అది మధ్యాహ్నం 12:10. పోలీసు ఫిర్యాదును cybercrime.gov.in లో నమోదు చేయవచ్చు. ఆ నకళ్లను బీమా కంపెనీ ఎలాగూ అడుగుతుంది.

క్లెయిమ్ నంబరుతో జవాబు వచ్చేదాకా నోటీసు అందిందని అనుకోకండి. సోమవారం ఉదయానికీ రాకపోతే మళ్లీ పంపండి. ఆ తరువాత వేరే ప్లాంటుకు మళ్లించిన సరుకు, అదనపు ఐసు, ఓవర్‌టైం కూలీల బిల్లులను తేదీలవారీగా జమచేస్తూ వెళ్లండి. ఒకవేళ గడువు దాటిపోయి ఉంటే నోటీసు మానేయకుండా, ఆలస్యానికి కారణాన్ని ఆధారంతో రాసి పంపండి. తప్పనిసరి పరిస్థితుల్లో జరిగిన ఆలస్యం ఒక్కటే చూపి నిజమైన క్లెయిమును తోసిపుచ్చకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2011 సెప్టెంబరు 20 సర్క్యులర్‌లో బీమా కంపెనీలకు చెప్పింది.