P-V త్రికోణం: మొత్తం సరిపోయింది, దక్షత మాత్రం తప్పు వస్తోంది

రాయగడ, గుణుపురం వైపు మన పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ప్లస్ టూ సైన్స్‌కి వచ్చేసరికి ఇంగ్లీషు పుస్తకం. ఈ మూడింటి మధ్య P-V గ్రాఫ్ లెక్క దగ్గర ఎక్కువమంది ఒకేచోట ఇరుక్కుంటారు. ఆ చోటు చూపించడానికి ఒక్క లెక్క తీసుకుంటాను.

ఏకపరమాణుక ఆదర్శ వాయువు. A దగ్గర 1 లీటరు, 100 కిలోపాస్కల్. B దగ్గర 1 లీటరు, 300. C దగ్గర 3 లీటర్లు, 100. A నుంచి B నిలువు గీత, B నుంచి C వాలు గీత, C నుంచి A అడ్డ గీత. కిలోపాస్కల్‌ని లీటరుతో గుణిస్తే నేరుగా జౌల్ వస్తుంది కాబట్టి యూనిట్లతో టెన్షన్ లేదు.

సమస్య: ఉష్ణాల మొత్తం −200 జౌల్ వచ్చింది

త్రికోణం వైశాల్యం 200 జౌల్. చక్రం గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతోంది కాబట్టి నికర పని +200, నికర ఉష్ణం కూడా అంతే రావాలి. మైనస్ వచ్చిందంటే ఫిజిక్స్, కెమిస్ట్రీ పుస్తకాల సూత్రాలు కలిసిపోయాయి. ఫిజిక్స్‌లో W అంటే వాయువు చేసిన పని, అందుకే Q = ΔU + W. కెమిస్ట్రీలో w అంటే వాయువు మీద జరిగిన పని, అక్కడ ΔU = q + w. ఏదో ఒకటి పట్టుకుని చివరిదాకా అదే వాడాలి. ఇక్కడ ఫిజిక్స్‌దే వాడుతున్నాం.

సమస్య: BC లో పని 330 జౌల్ వచ్చింది

B, C రెండింటి దగ్గరా PV విలువ 300. ఉష్ణోగ్రత ఒకటే కదా అని సమోష్ణోగ్రతా సూత్రం, లాగరిథమ్ వేసేస్తారు. కొసలు ఒకే ఉష్ణోగ్రతలో ఉన్నంత మాత్రాన దారంతా అదే ఉష్ణోగ్రత అని కాదు. గీత మధ్యలో 2 లీటర్ల దగ్గర పీడనం 200, PV 400. అంటే వాయువు వేడెక్కి మళ్లీ చల్లబడింది. పని అంటే గీత కింద వైశాల్యం: సగటు పీడనం 200, మార్పు 2 లీటర్లు, 400 జౌల్.

ఇప్పుడు ΔU = (3/2)Δ(PV) తో మిగతావి వస్తాయి.

```
AB: W = 0      ΔU = +300   Q = +300
BC: W = +400   ΔU = 0      Q = +400
CA: W = -200   ΔU = -300   Q = -500
```

Q ల మొత్తం +200. సరిపోయింది.

సమస్య: దక్షత 28.6 శాతం వచ్చింది, జవాబు 26.7 అంటోంది

"మొత్తం సరిపోయింది కదా మాస్టారూ, ఇంక తప్పెక్కడ?" అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. పట్టికలో ఏ అంకే తప్పు కాదు. 200 ని 300 + 400 తో భాగించడం తప్పు. BC లో 400 అనేది నికరం. ఆ గీత మీద వాయువు కొంతదూరం ఉష్ణం తీసుకుని, చివర్లో కొంత వదిలేసింది. దక్షతకి కావలసింది లోపలికి వచ్చిన ఉష్ణం మాత్రమే.

ఎక్కడ మలుపు తిరిగిందో కనుక్కోవాలి. BC గీత సమీకరణం, పీడనాన్ని వందల్లో రాస్తే, P = 4 − V. చిన్న మార్పుకి dQ = (5/2)P dV + (3/2)V dP. గీత మీద dP = −dV కాబట్టి dQ = (10 − 4V) dV అవుతుంది. V = 2.5 దగ్గర ఇది సున్నా. అక్కడ పీడనం 150.

B నుంచి ఆ బిందువు దాకా పని 337.5, ΔU 112.5, కాబట్టి Q = +450. అక్కడి నుంచి C దాకా పని 62.5, ΔU −112.5, Q = −50. కలిపితే మళ్లీ 400 వస్తుంది. అసలు తీసుకున్న ఉష్ణం 300 + 450 = 750. దక్షత 200/750, అంటే 26.7 శాతం.

మలుపు బిందువు సరైనదో కాదో ఇంకో దారిలో చూసుకోవచ్చు. అక్కడ స్థిరోష్ణక వక్రం వాలు −γP/V. γ = 5/3, P = 1.5, V = 2.5 వేస్తే −1, మన గీత వాలూ అదే. వక్రాన్ని గీత తాకే చోటే ఉష్ణం దిశ మారుతుంది.

చాలామంది ఉష్ణోగ్రత ఎక్కువగా ఉన్న 2 లీటర్ల దగ్గరే గీతని విరిచేస్తారు. 2 నుంచి 2.5 దాకా ఉష్ణోగ్రత పడిపోతున్నా ఉష్ణం ఇంకా లోపలికి వస్తూనే ఉంది. వచ్చినదానికంటే వాయువు చేసే పని ఎక్కువ కాబట్టి చల్లబడుతోంది, అంతే.

ఈ విరుపు నిలువు, అడ్డ గీతలకి అక్కర్లేదు. P, V రెండూ కలిసి పెరిగే గీతకీ అక్కర్లేదు. కిందికి వాలే గీత అయితే మాత్రం మలుపు బిందువు ఆ రెండు కొసల మధ్య పడిందా అని చూడాలి. ఇదే గీత 2 లీటర్ల దగ్గరే ఆగిపోయి ఉంటే ఉష్ణం అంతా లోపలికే. వాయువు మారినా బిందువు కదులుతుంది: ద్విపరమాణుక వాయువైతే 5/2, 3/2 ల బదులు 7/2, 5/2 వేయాలి, మలుపు 2.33 లీటర్ల దగ్గరికి వస్తుంది.