చాట్ సపోర్ట్ ఉద్యోగానికి ఊ అనే ముందు

- ఆఫర్ రాగానే చేతిలో ఉన్న పని మానేయకండి. నెలకు ఎన్ని గంటలకు జీతమిస్తారో రాతలో అడగండి. నాలుగు వారాలకు 160 గంటలని మనం లెక్కేసుకుంటాం. వాళ్లు వారానికి 25 గంటలే ఇచ్చి, ఐదు రోజులూ అరగంట విరామానికి కోత పెడితే నాలుగు వారాలకు మిగిలేది 90 గంటలే. అనుకున్న జీతంలో సగానికి కాస్త ఎక్కువ, అంతే!

- ఉద్యోగం కోసం పెట్టే పరీక్షకు ముందు రెండు మూడు చాట్లు ఒకేసారి నడిపి చూసుకోండి. టైపింగ్ వేగంగా ఉన్నా, ఒకరి ఆర్డర్ వివరాలు ఇంకొకరికి పంపితే దొరికిపోతారు.

- రెడీమేడ్ జవాబు అతికించే ముందు ప్రశ్న చివరిదాకా చదవండి. రెండో ప్రశ్న తరచూ అక్కడే దాక్కుంటుంది.

- షిఫ్టు ఏ టైమ్‌జోన్‌లోనో అడగండి. కస్టమర్ల పగలు మీకు రాత్రి కావచ్చు. వారాంతం సెలవన్న ఆశ పెట్టుకోవద్దు.

- శిక్షణ ఫీజు అడిగారా? అది ఉద్యోగం కాదు.